పెట్టె మీది నెంబర్, కెమెరా మీది నెంబర్: ఒక నికాన్ ఎఫ్‌ఎం2 కేసు

పాత ఫిల్మ్ కెమెరాలు బాగుచెయ్యడం నా పని. కొనబోయేవాళ్ళు ప్రకటన పంపించి "అన్నా, ఇది ఒకసారి చూసి చెప్పవా" అని అడగడం కూడా ఈ పనిలో భాగమైపోయింది. అలా వచ్చిన వాటిలో ఒక కేసును మొదటి నుంచి చివరి దాకా రాస్తున్నాను. ఇందులో మోసం చేసినవాళ్ళు ఎవరూ లేరు. అమ్మే ఆయన నిజాయితీగా ఉన్నారు, కొనే కుర్రాడు జాగ్రత్తగానే ఉన్నాడు. అయినా కెమెరా తప్పు పేరుతో చేతులు మారేదాకా వచ్చింది. మేం అడిగిన నాలుగు ఫొటోల వల్ల అది ఆగింది. ఆ నాలుగూ ఎందుకు అడిగామో, ఎలా అడిగామో, వాటిలో ఏం చూశామో చెప్పడమే నా ఉద్దేశం.

ప్రకటన పైన `Nikon FM2N` అని ఉంది. నల్ల బాడీ, 50 ఎంఎం లెన్స్, అసలు పెట్టె కూడా ఉందని రాశారు. ఫొటోలు నాలుగు పెట్టారు. లెన్స్‌తో ముందు నుంచి తీసినవి రెండు, పైనుంచి తీసిన మసక ఫొటో ఒకటి, పెట్టె పక్కన కెమెరా పెట్టి తీసినది ఒకటి. వెనకవైపు ఫొటో ఒక్కటి కూడా లేదు. కుర్రాడు పెళ్ళిళ్ళకూ బయట పోర్ట్రెయిట్లకూ డిజిటల్‌తో పనిచేస్తాడు, ఫిల్మ్ మీద కొత్తగా మనసు పడింది. ఎండలో ఫ్లాష్ వాడతాడు కాబట్టి తనకు ఎఫ్‌ఎం2ఎన్ కావాలని ముందే తేల్చుకున్నాడు. అడిగిన ధర కూడా ఎఫ్‌ఎం2ఎన్ ధరే.

ఇక్కడున్న చిక్కు ఏమిటో చెప్పాలి. నికాన్ ఎఫ్‌ఎం2 1982లో వచ్చింది. సెకనులో 4000వ వంతు దాకా వెళ్ళే షట్టర్ అప్పట్లో పెద్ద విశేషం. అందులో ఫ్లాష్ సరిగ్గా పనిచేసే అత్యధిక వేగం, అంటే సింక్ వేగం, 1/200. రెండేళ్ళకే, 1984లో, కంపెనీ దాన్ని మెరుగుపరిచి సింక్‌ను 1/250కి తెచ్చింది. ఈ రెండోదాన్నే అందరూ ఎఫ్‌ఎం2ఎన్ అంటారు. 2001 దాకా తయారైంది ఇదే. అయితే బాడీ ముందుభాగంలో పేరు మార్చలేదు. పాతదాని మీదా కొత్తదాని మీదా ఉండేది `FM2` అన్న మూడు అక్షరాలే. అందుకే ముందు నుంచి ఎంత బాగా ఫొటో తీసినా ఏది ఏదో చెప్పలేం. ప్రకటన ఫొటోల్లో ఎక్కువ భాగం ముందు నుంచి తీసినవే ఉంటాయి కాబట్టి ఈ మోడల్ విషయంలో తికమక చాలా మామూలు.

తేడా తెలిసే చోట్లు వేరే ఉన్నాయి. ఎఫ్‌ఎం2ఎన్‌లో, వెనక చెక్కిన సీరియల్ నెంబర్ ముందు `N` అన్న అక్షరం ఉంటుంది. పాతదాని నెంబర్ ముందు ఏ అక్షరమూ ఉండదు. పైన ఉన్న షట్టర్ వేగాల డయల్ మీద పాతదానికి `X200` అని ఫ్లాష్ కోసం విడిగా ఒక స్థానం ఉంటుంది. ఎఫ్‌ఎం2ఎన్‌లో అది తీసేశారు, బదులుగా 250 అంకెనే ఎర్రగా వేశారు. మూడోది షట్టర్ రేకులు. మొదటి ఎఫ్‌ఎం2లో రేకులు టైటానియంవి, వాటి మీద తేనెపట్టు లాంటి గళ్ళు కనిపిస్తాయి. ఎఫ్‌ఎం2ఎన్ తొలి ఏళ్ళలో కూడా అవే వాడారు. 1989 నుంచి నున్నటి అల్యూమినియం రేకులు వచ్చాయి. అంటే రేకులను బట్టి మాత్రమే మోడల్ చెప్పలేం. కానీ మిగతా రెండూ చెప్పినదానికి రేకులు పొసుగుతున్నాయా లేదా అన్నది చూడొచ్చు.

కుర్రాడు నన్ను అడగకముందే అమ్మే ఆయనకు ఒక మెసేజ్ పెట్టాడు: "సర్, సీరియల్ నెంబర్ చెప్తారా?" గంటలో జవాబు వచ్చింది. టైపు చేసిన నెంబర్, మొదట `N`, ఆ తర్వాత 8తో మొదలయ్యే అంకెలు. కుర్రాడు సంబరంగా అది నాకు పంపించాడు. "ఎన్ ఉందన్నా, అయిపోయినట్టే కదా?"

అయిపోలేదు. టైపు చేసిన నెంబర్‌ను నేను సాక్ష్యంగా తీసుకోను. అమ్మేవాళ్ళ మీద అనుమానం ఉండి కాదు. టైపు చేసిన నెంబర్ ఎక్కడి నుంచి చదివి రాశారో అందులో కనబడదు. కెమెరా వెనక నుంచి చదివి ఉండొచ్చు, పెట్టె అంచున ఉన్న చీటీ నుంచి చదివి ఉండొచ్చు, వారంటీ కార్డు నుంచి, లేదా ఎప్పుడో రాసిపెట్టుకున్న నోటు నుంచి చదివి ఉండొచ్చు. బాడీ మీద అంకెలు చిన్నవి, పాత కెమెరాల్లో రంగు కొంత రాలిపోయి ఉంటుంది. పెట్టె చీటీ మీద అవే అంకెలు పెద్దగా, స్పష్టంగా ఉంటాయి. చూపు కాస్త మందగించిన మనిషి ఏది చూసి రాస్తారు? పెట్టెనే. ఫొటో అయితే నెంబరూ అది ఉన్న చోటూ కలిసే కనిపిస్తాయి.

ఇంకో సంగతి. "ఇది ఎఫ్‌ఎం2నా, ఎఫ్‌ఎం2ఎన్‌నా?" అని సూటిగా అడిగితే ప్రకటనలో రాసినదే మళ్ళీ చెప్తారు. ఆయనకు తెలిసింది అదే. కాబట్టి ఆయన అభిప్రాయం అడగకూడదు, ఆయన చేతిలో ఉన్న వస్తువును చూపించమని అడగాలి. అదీ కెమెరా భాష తెలియని మనిషికి కూడా అర్థమయ్యేలా, ఎక్కడ చూడాలో ఏం కనిపించాలో చెప్పి అడగాలి. ఇలా ఆలోచించి నేను రాసి ఇచ్చిన మెసేజ్ ఇది. కుర్రాడు తన పేరు మీద పంపించాడు.

> నమస్తే సర్. కెమెరా నాకు నచ్చింది, తీసుకోవాలనే ఉంది. ఎఫ్‌ఎం2లో రెండు రకాలు వచ్చాయి, ముందువైపు పేరు రెండిటికీ ఒకటే ఉంటుంది. మీ దగ్గరున్నది ఏదో తేల్చుకోవడానికి నాలుగు ఫొటోలు కావాలండి. వీలు చూసుకుని పంపండి, తొందరేం లేదు.
>
> మొదటిది కెమెరా వెనకవైపు. కన్ను పెట్టి చూసే కిటికీ పక్కన పై మూత మీద చిన్న అంకెలు చెక్కి ఉంటాయి. అంకెల ముందు ఖాళీ జాగా కూడా పడేలా దగ్గర నుంచి తీయండి. చివరి మూడు అంకెల మీద వేలు పెట్టి తీసినా ఫర్వాలేదు, నాకు మొదటి భాగం చాలు.
>
> రెండోది పైనుంచి షట్టర్ వేగాల డయల్. అంకెలన్నీ ఒక్క ఫొటోలో రాకపోతే డయల్ కొంచెం తిప్పి ఇంకొకటి తీయండి.
>
> మూడోది వెనక తలుపు తెరిచి లోపల షట్టర్ రేకులు. తెరిచే ముందు రీలు లేదని చూసుకోండి. రివైండ్ క్రాంక్‌ను బాణం గుర్తు చూపించే వైపు మెల్లగా తిప్పితే బిగువుగా అనిపిస్తే లోపల రీలు ఉన్నట్టు, అప్పుడు తెరవకండి, ఈ ఫొటో వదిలేయండి. రేకులను వేలితో తాకకండి సర్, పలచగా ఉంటాయి.
>
> నాలుగోది పెట్టె మీద అంటించిన చీటీ, వారంటీ కార్డు ఉంటే అదీ, కెమెరా పక్కనే పెట్టి. ఆ ఫొటోలో ఒక కాగితం మీద ఇవాళ్టి తేదీ రాసి పెట్టండి.
>
> ఫ్లాష్ లేకుండా, కిటికీ దగ్గర పగటి వెలుగులో తీస్తే అంకెలు బాగా కనిపిస్తాయి. ఫొటోలను డాక్యుమెంట్‌గా పంపితే సైజు తగ్గిపోకుండా వస్తాయి. శ్రమ ఇస్తున్నందుకు ఏమీ అనుకోకండి.

ఇందులో కొన్ని మాటలు మామూలుగా కనిపించినా కావాలనే రాసినవి. "అంకెల ముందు ఖాళీ జాగా కూడా పడేలా" అన్నది అన్నిటికన్నా ముఖ్యం. మనం వెతుకుతున్నది నెంబర్ ముందు ఉండే ఒక అక్షరం. ఫొటోను అంకెల దాకా మాత్రమే కత్తిరిస్తే, `N` లేదా, ఉండి ఫొటోలో పడలేదా అన్నది తేలదు. లేనిది లేదని నమ్మాలంటే అది ఉండాల్సిన చోటు ఖాళీగా కనిపించాలి. ఈ ఒక్క మాట రాయకపోవడం వల్ల మళ్ళీ మళ్ళీ ఫొటోలు అడిగి, అమ్మేవాళ్ళు విసుగుపడి మాట్లాడటం మానేసిన సందర్భాలు నా దగ్గరే రెండు మూడు ఉన్నాయి.

ఆ మెసేజ్‌లో `N` అన్న అక్షరం పేరు కూడా ఎక్కడా ఎత్తలేదు. ఏం కనిపిస్తే కొంటామో ముందే చెప్పేస్తే, మంచి మనిషి కూడా దాన్నే చూడాలని చూస్తాడు. "ఎన్ ఉందా?" అని అడిగితే, గీత పడిన చోట కూడా ఎన్ కనిపిస్తుంది.

వెలుగు గురించి చెప్పడానికీ కారణం ఉంది. నల్ల బాడీ మీద చెక్కిన అంకెల్లో తెల్ల రంగు నింపి ఉంటుంది. ఫోన్ ఫ్లాష్ వేస్తే నల్ల పెయింట్ మెరిసి అంకెలు మాయమవుతాయి. కిటికీ పక్కన పెట్టి కెమెరాను కొంచెం ఒక పక్కకు వాలిస్తే రంగు రాలిపోయిన అంకె కూడా దాని గాడి నీడ వల్ల చదవడానికి వస్తుంది. జూమ్ చెయ్యకుండా ఫోన్‌నే దగ్గరికి తీసుకెళ్తే ఇంకా మంచిది. మరీ దగ్గరైతే ఫోకస్ కుదరదు, అప్పుడు ఒక జానెడు దూరం నుంచి తీసి మనం ఇక్కడ పెద్దది చేసుకోవచ్చు. డాక్యుమెంట్‌గా పంపమన్నది అందుకే. చాట్‌లో మామూలుగా పంపితే ఫొటో కుదించుకుపోయి 3కీ 8కీ తేడా పోతుంది.

తేదీ కాగితం విషయంలో కొందరు మొహమాటపడతారు, అవతలివాళ్ళను అనుమానించినట్టు ఉంటుందని. నేనైతే అడగకుండా ఉండను. కెమెరా ఇవాళ ఆయన చేతిలో ఉందనీ, ఫొటోలు ఇంకెక్కడి నుంచో తీసుకున్నవి కావనీ తెలియడానికి ఇంతకంటే తేలిక దారి లేదు. కెమెరా, పెట్టె చీటీ, తేదీ మూడూ ఒక్క ఫొటోలో పడాలి. విడివిడిగా తీస్తే ఆ ఫొటో తీయించి లాభం లేదు.

రెండు రోజులు జవాబు లేదు. మూడో రోజు ఆయనే కుర్రాడికి ఫోన్ చేశారు. ఫొటోలు తీయడానికి ఇబ్బంది లేదట, కానీ సీరియల్ నెంబర్ ఫొటో తెలియనివాళ్ళకు ఇవ్వొద్దని ఎవరో చెప్పారట. ఆ భయం ఉత్తిది కాదు. పూర్తి నెంబర్ బయటికొస్తే దాన్ని వాడి దొంగ ప్రకటన పెట్టేవాళ్ళున్నారు. ఆ కెమెరా తమదేనని వాదించేవాళ్ళూ ఉన్నారు. అందుకే మెసేజ్‌లో చివరి మూడు అంకెలు మూసేసినా ఫర్వాలేదని మేమే రాశాం. కుర్రాడు అదే గుర్తుచేశాడు. "వేలు పెట్టి తీయండి సర్, ధర కుదిరాక, డబ్బు పంపే ముందు మాత్రం పూర్తి నెంబర్ చెప్పండి చాలు." ఆయన సరేనన్నారు. మోడల్ చెప్పడానికి మొదటి అక్షరం, మొదటి రెండు మూడు అంకెలు చాలు. ఇంతకు మించి మొదట్లోనే అడగడం నాకూ ఇష్టం లేదు.

ఆ సాయంత్రమే ఫొటోలు వచ్చాయి. నేను వాటిని వచ్చిన వరసలో కాకుండా చీటీ ఫొటోతో మొదలుపెట్టి చూశాను. పెట్టె అంచున అంటించిన చీటీ మీద నెంబర్ స్పష్టంగా ఉంది. `N`, ఆ తర్వాత 8. కుర్రాడికి టైపు చేసి పంపిన నెంబర్ అదే, అంకె అంకెతో సహా. పక్కనే కెమెరా, దాని ముందు తేదీ రాసిన కాగితం. వారంటీ కార్డు లేదు.

తర్వాత వెనకవైపు ఫొటో. ఆయన వేలు చివరి అంకెల మీద ఉంది, మొదటి అంకెలు తేటగా ఉన్నాయి. 7తో మొదలయ్యాయి. వాటికి ముందు నల్ల పెయింట్ తప్ప ఏమీ లేదు. గీత లేదు, రాలిన రంగు లేదు, గాడి లేదు. పెద్దది చేసి, వెలుతురు పెంచి, తగ్గించి చూశాను. రంగు రాలిపోయినా చెక్కిన గాడి ఎక్కడికీ పోదు. ఆ అక్షరం అక్కడ ఎప్పుడూ లేదు.

ఇంతవరకూ తెలిసింది ఒక్కటే, పెట్టెదీ కెమెరాదీ ఒకే నెంబర్ కాదు. కెమెరా పాత ఎఫ్‌ఎం2 అని ఇంకా అనలేదు నేను. ఎందుకంటే ఆ నెంబర్ ఉండేది పై మూత మీద, ఆ మూత కొన్ని స్క్రూలు విప్పితే ఊడి వచ్చే భాగం. కిందపడి మూత సొట్టపోతే ఇంకో కెమెరా మూత తెచ్చి బిగించడం మా పనిలో ఉన్నదే. అలాంటి కెమెరాలో నెంబర్ ఒక మోడల్‌ది, లోపలి యంత్రం ఇంకో మోడల్‌ది కావచ్చు. అందుకే మిగతా రెండు ఫొటోలు.

డయల్ ఫొటోలో `X200` కనిపించింది. మొదటి ప్రకటనలో పైనుంచి తీసిన మసక ఫొటోలో కూడా అది ఉండే ఉంటుంది, కానీ అక్కడ చదవడానికి వీల్లేదు. 250 అంకె మిగతావాటి రంగులోనే ఉంది. లోపలి ఫొటోలో రేకుల మీద తేనెపట్టు గళ్ళు తేటగా ఉన్నాయి, ఒక్క రేకు కూడా వంగలేదు, వేలిముద్రలూ లేవు. పెట్టె చీటీ చెప్పినట్టు `N` 8 నెంబర్ కెమెరా అయితే అది తర్వాతి కాలంది, దాంట్లో నున్నటి అల్యూమినియం రేకులు ఉండాలి. ఇక్కడ లేవు. నెంబర్, డయల్, రేకులు మూడూ కలిసి ఒకే మాట చెప్పాయి. ఇది 1982లో వచ్చిన మొదటి రకం ఎఫ్‌ఎం2. పెట్టె మాత్రం ఇంకో కెమెరాది.

ఈ మూడింటిలో ఒకటి తిరగబడి ఉంటే కథ వేరేగా ఉండేది. నెంబర్‌కు `N` లేకుండా రేకులు నున్నగా ఉంటే షట్టర్ మార్చారని అనుకోవాలి. `N` ఉండి డయల్ మీద `X200` ఉంటే పై భాగాలు కలగలిసి ఉన్నాయని అర్థం. అలాంటి కెమెరా పనిచెయ్యదని కాదు, కానీ దాన్ని ఏ మోడల్ పేరుతోనూ పూర్తి ధరకు కొనకూడదు. ఎవరు విప్పారో, ఎలా బిగించారో మనకు తెలియదు.

కుర్రాడు నిరాశపడ్డాడు. "మరి ఇది వద్దా అన్నా?" అన్నాడు. నిజం చెప్పాలంటే వాడే మనిషికి ఈ రెంటి మధ్య దూరం చాలా తక్కువ. 1/200కీ 1/250కీ మధ్య ఉన్నది స్టాప్‌లో మూడో వంతు. ఎండలో ఫ్లాష్ వాడేటప్పుడు లెన్స్‌ను ఆ మూడో వంతు మూస్తే సరిపోతుంది. మీటర్ రెండిటిలోనూ ఒకేలా చూపిస్తుంది, బ్యాటరీ అయిపోయినా షట్టర్ రెండిటిలోనూ నడుస్తుంది. నన్నడిగితే, మంచి స్థితిలో ఉన్న పాత ఎఫ్‌ఎం2 నలిగిన ఎఫ్‌ఎం2ఎన్ కంటే నయం.

ప్రమాదమంతా ఏది ఉందో తెలియకుండా వాడటంలో ఉంది. తన దగ్గరున్నది ఎఫ్‌ఎం2ఎన్ అనుకుని డయల్‌ను 250 మీద పెట్టి ఫ్లాష్‌తో తీస్తే, ఈ పాత షట్టర్‌లో ఫ్లాష్ వెలిగే క్షణానికి ఫ్రేమ్ మొత్తం తెరుచుకుని ఉండకపోవచ్చు. అప్పుడు ఫొటో అంచున నల్లటి పట్టీ పడుతుంది. డిజిటల్ అయితే వెంటనే తెరమీద కనబడుతుంది. ఫిల్మ్‌లో రీలు కడిగేదాకా తెలియదు, పెళ్ళి అయిపోయి వారం అవుతుంది. అప్పుడు కెమెరా చెడిపోయిందనుకుని నా దగ్గరికే తెస్తారు. అలా వచ్చిన కెమెరాల్లో షట్టర్ బాగానే ఉండటం చూశాను.

ఆయనకు ఎలా చెప్పాలన్నది తర్వాతి ప్రశ్న. "మీరు తప్పు రాశారు" అంటే బిగుసుకుపోతారు. కుర్రాడి చేత ఇలా రాయించాను.

> ఫొటోలు చాలా బాగా తీశారు సర్, థాంక్స్. పెట్టె మీద ఉన్న నెంబరూ కెమెరా మీద ఉన్న నెంబరూ వేరుగా ఉన్నాయి, మీరూ ఒకసారి పక్కపక్కన పెట్టి చూడండి. కెమెరా నెంబర్ ముందు ఎన్ లేదు, డయల్ మీద X200 ఉంది. ఇవి మొదటి రకం ఎఫ్‌ఎం2 గుర్తులు. కెమెరా స్థితి బాగుంది, నాకు తీసుకోవాలనే ఉంది, మోడల్‌ను బట్టి ధర మళ్ళీ మాట్లాడుకుందామా?

ఆయన నుంచి వచ్చిన మొదటి మాట: "ఎన్ అంటే నికాన్ అనుకున్నాను బాబూ." ఆ రాత్రే ప్రకటనలో పేరు మార్చేశారు. ధర కూడా తగ్గించారు, కుర్రాడు అడిగినంత కాకపోయినా న్యాయంగా ఉంది. డబ్బు పంపే ముందు పూర్తి నెంబర్ చెప్పారు. నేను దాన్ని ఫొటోలో వేలి పక్కన కనిపిస్తున్న అంకెలతో సరిచూసి, కాగితం మీద రాసిపెట్టుకోమన్నాను.

ఈ ఫొటోలు చెప్పనివి కూడా ఉన్నాయి. షట్టర్ వేగాలు సరిగ్గా ఉన్నాయా, మీటర్ నిజం చెప్తోందా, వెనక తలుపు అంచుల్లో ఉండే నురుగు పట్టీ జిగటగా మారి వెలుతురు లోపలికి పోతోందా అన్నవి నాలుగు ఫొటోలతో తేలవు. వాటిలో కొన్నిటికి వీడియో అడగొచ్చు, కొన్ని చేతికి వచ్చాకే తెలుస్తాయి. అందుకని, మోడల్ తేలాక కూడా, చేతికి వచ్చి పరీక్షించాక తేడా ఉంటే వెనక్కి తీసుకుంటారా అన్న మాట విడిగా మాట్లాడుకున్నాం.

డిజిటల్ కెమెరా కొనేవాళ్ళు ఇదే పద్ధతి కొంచెం మార్చి వాడుకోవచ్చు. అక్కడ తికమక ఇంకో రకంగా వస్తుంది. ఒకే కెమెరాను వేరువేరు దేశాల్లో వేరువేరు పేర్లతో అమ్ముతారు. కానన్ ఈఓఎస్ 600డీ అమెరికాలో రెబెల్ టీ3ఐ, జపాన్‌లో కిస్ ఎక్స్5. ముందు పేరు ఏదైనా అడుగున ఉన్న లేబుల్ మీద `DS126311` అన్న కోడ్ ఒకటే ఉంటుంది. సోనీ ఆల్ఫా 7 రెండో తరం అయితే లేబుల్ మీద `ILCE-7M2` అని ఉంటుంది. కాబట్టి అడుగు లేబుల్ ఫొటో అడగాలి. కానీ అది అంటించిన స్టిక్కర్ అయితే ఊడుతుంది, మార్చడానికీ వీలవుతుంది. అందుకని ఆ కెమెరాతోనే తీసిన, ఏమీ దిద్దని ఒక జేపెగ్ ఫొటో కూడా పంపమంటాను. దాని వివరాల్లో మోడల్ పేరు ఉంటుంది, చాలా కెమెరాల్లో సీరియల్ నెంబర్ కూడా ఉంటుంది. లేబుల్ ఒకటి చెప్పి ఫైలు ఇంకొకటి చెప్తే ఆగి అడగాలి. ఈ ఫైలును చాట్‌లో మామూలు ఫొటోలా పంపితే ఆ వివరాలు చెరిగిపోతాయి, ఇక్కడా డాక్యుమెంట్‌గానే పంపించుకోవాలి.

కెమెరా వారం రోజులకు వచ్చింది. కుర్రాడు పార్సిల్ తెరవకుండా నా దగ్గరికే తెచ్చాడు. విప్పుతున్నంతసేపూ వీడియో తీశాడు. ముందుగా వెనక నెంబర్ చూశాం. వేలి కింద దాక్కున్న మూడు అంకెలూ ఆయన చెప్పినవే. షట్టర్ పరీక్షించాను, 1/4000 కొంచెం నెమ్మదిగా ఉంది, ఆ వయసు కెమెరాకు అది పెద్ద లోపం కాదు. మీటర్ బాగుంది. నురుగు పట్టీలు మార్చి ఇచ్చాను. డయల్ మీద `X200` దగ్గర చూపించి, ఫ్లాష్ పెట్టినప్పుడు ఇక్కడే పెట్టాలని, లేదా 125కి దిగాలని చెప్పాను.

తర్వాత ఆయన మళ్ళీ ఫోన్ చేశారు, ఈసారి కుర్రాడికి కాదు, నా ఫోన్ నెంబర్ అడిగి తీసుకుని నాకే చేశారు. చాలా ఏళ్ళ క్రితం ఆయన రెండు బాడీలు ఒకేసారి కొన్నారట. ఒకదాన్ని నిరుడు ఒక విద్యార్థికి అమ్మారట, పాత ఎఫ్‌ఎం2 అని చెప్పి, పాతదాని ధరకే. రెండు పెట్టెల్లో చేతికి అందినదాన్ని ఆ అబ్బాయికి ఇచ్చేశారు. "అంటే నేను వాడికి ఇచ్చింది ఎన్ అన్నమాట" అన్నారు. అవునన్నాను. ఆ అబ్బాయి ఫోన్ నెంబర్ ఇంకా ఆయన దగ్గరే ఉందట. మిగతా డబ్బు అడగనని, పెట్టె మాత్రం తెచ్చుకోమని, డయల్ మీద ఎర్ర అంకె ఎందుకుందో చెప్పాలని అన్నారు. పెట్టె మా కుర్రాడి దగ్గర ఉంది. అడిగితే వెంటనే ఇచ్చేశాడు.